మనిషి ఎక్కితే ఆగిపోయే ట్రెడ్‌మిల్

ఉప్పల్లో మా తోడల్లుడి ఇంట్లో ఒక ట్రెడ్‌మిల్ ఉంది. ఎవరూ ఎక్కనంతసేపూ బుద్ధిగా నడుస్తుంది. గంటకు 12 కిలోమీటర్ల దాకా వేగం పెంచినా కిక్కురుమనదు. మనిషి ఎక్కి నాలుగడుగులు వేశాడో లేదో తెర మీద E05 అని చూపించి, బీప్ కొట్టి ఆగిపోతుంది. నడవడానికి కొన్న యంత్రం నడిచేవాళ్లు లేనప్పుడే నడుస్తానంటే ఏం చేస్తాం?

దాన్ని కొనడానికి కారణం రోడ్డు. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు పైవంతెన పనులు 2018లో మొదలయ్యాయి. ఆ దుమ్ములో పొద్దున్నే నడిస్తే గుండెకు జరిగే మేలు ఊపిరితిత్తుల దగ్గర చెల్లైపోతుందని ఆయన లెక్క వేశాడు. అలా యంత్రం ఇంటికొచ్చింది. దుమ్ము కూడా దాని వెనకే వచ్చింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

నేను నాచారం పారిశ్రామికవాడలో చాలాకాలం మెయింటెనెన్స్ పని చేశాను. ప్లాస్టిక్ సంచులు తీసే ఎక్స్‌ట్రూడర్లకు ఆ రోజుల్లో డీసీ మోటార్లే ఉండేవి. ఏసీ డ్రైవులు వచ్చి వాటిని తరిమేశాక డీసీ మోటారు ముఖం చూసి చాలాకాలమైంది. ఇంట్లో వాడే చాలా ట్రెడ్‌మిల్లుల్లో ఇంకా అదే ఉంటుంది, కాకపోతే చిన్నది. జిమ్ములో కనిపించే పెద్ద యంత్రాలకు ఎక్కువగా ఏసీ మోటార్లు ఉంటాయి. వాటికి బ్రష్షులే ఉండవు కాబట్టి ఇక్కడ చెప్పబోయేదాంట్లో సగం వాటికి వర్తించదు.

నేను వెళ్లేసరికే ఒక మెకానిక్ వచ్చి వెళ్లాడు. "బోర్డు పోయింది సార్" అన్నాడట. బోర్డు మార్చారు, 6,500 రూపాయలు. కొత్త బోర్డు కూడా మనిషి ఎక్కగానే E05 అంది. "ఇది కూడా డిఫెక్ట్ పీసే ఉన్నట్టుంది సార్" అని ఇంకోటి తెప్పించబోతుంటే మా మరదలు నాకు ఫోన్ చేసింది. "బావగారూ, మీరొకసారి చూడండి, లేకపోతే ఈయన బోర్డులు కొంటూనే ఉంటారు" అంది.

ఎర్రర్ కోడ్ గురించి ముందు ఒక మాట. E05కు అన్ని కంపెనీల యంత్రాల్లోనూ ఒకే అర్థం ఉండదు. మీ యంత్రంతో వచ్చిన పుస్తకమే ప్రమాణం. ఈయన పుస్తకంలో దానికి ఓవర్ కరెంట్ అని రాసి ఉంది. మోటారు ఉండాల్సినదానికన్నా ఎక్కువ కరెంటు తాగుతోందని అర్థం. ఎందుకు తాగుతోందో కోడ్ చెప్పదు. జ్వరం 102 అని థర్మామీటరు చెబితే వెంటనే థర్మామీటరు మార్చేసినట్టుగా ఉంది మెకానిక్ చేసిన పని. బోర్డు కూడా ఇక్కడ కొలిచి చెప్పింది, అంతే.

లోపల జరిగేది ఇదీ. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని బోర్డు మీదున్న బ్రిడ్జి రెక్టిఫయర్ డీసీగా మారుస్తుంది. పక్కనే ఉన్న పెద్ద కెపాసిటర్లో అది దాదాపు 325 వోల్టులుగా నిలుస్తుంది. 230 అనేది ఒక రకం సగటు, ఏసీ అల శిఖరం 325 దాకా పోతుంది, కెపాసిటర్ ఆ శిఖరాన్ని పట్టుకుంటుంది. అక్కడి నుంచి ఒక పవర్ ట్రాన్సిస్టర్ ఆ వోల్టేజీని సెకనుకు వేలసార్లు తెరిచి మూస్తూ మోటారుకు ముక్కలు ముక్కలుగా పంపిస్తుంది. తెరిచి ఉంచే సమయం పెరిగితే మోటారుకు అందే సగటు వోల్టేజీ పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. దారిలో ఒక చిన్న షంట్ రెసిస్టర్ మోటారు ఎంత కరెంటు తీసుకుంటోందో కొలుస్తూ ఉంటుంది. కొలత హద్దు దాటితే బోర్డు అంతా ఆపేసి కోడ్ చూపిస్తుంది.

ఈ మోటారు మీద 180 వోల్టులు అని రాసి ఉంది. యంత్రం గరిష్ఠ వేగం 14 కిలోమీటర్లు. అంటే వేగంలో ప్రతి కిలోమీటరుకూ సుమారు 13 వోల్టులు. 4 కిలోమీటర్ల నడకకు 52 వోల్టులు సరిపోతాయి. మోటారు కవరు మీద పీక్ 4 హార్స్ పవర్ అని కూడా ఉంది. నాలుగు గుర్రాలంటే దాదాపు 3,000 వాట్లు. ఈ యంత్రం ప్లగ్గు పెట్టింది 6 ఆంపియర్ల సాకెట్టులో. అందులోంచి వచ్చేది మహా అయితే 1,380 వాట్లు. ఆ సందులోంచి రెండు గుర్రాలు కూడా పూర్తిగా దూరవు. మిగతావి ప్రకటనలోనే మేస్తున్నాయి.

డీసీ మోటారు విషయంలో రెండు ముక్కలు గుర్తుంటే చాలు. వేగం కావాలంటే వోల్టేజీ, బలం కావాలంటే కరెంటు. బెల్టు వేగంగా తిరగాలంటే వోల్టులు పెంచాలి. బెల్టు మీద బరువు పడి అది పలక మీద రాసుకుంటూ బిగుసుకుంటే, ఆ రాపిడిని గెలవడానికి మోటారు ఆంపియర్లు లాగుతుంది. ఆ రాపిడి మీ బరువునూ, పలక ఎంత నున్నగా ఉందన్నదాన్నీ బట్టి ఉంటుంది. మీరెంత వేగంగా నడుస్తున్నారన్నదానితో దానికి పెద్దగా నిమిత్తం లేదు.

దీని నుంచి ఒక విచిత్రం పుడుతుంది. మోటారు తీసుకునే కరెంటూ గోడలోంచి వచ్చే కరెంటూ ఒకటి కావు. ఒకే మనిషి 4 కిలోమీటర్ల వేగంతో నడిచినా 12తో పరిగెత్తినా మోటారు ఆంపియర్లు ఇంచుమించు అంతే. పరుగులో పాదం బలంగా పడుతుంది కాబట్టి కుదుపులు ఎక్కువ ఉంటాయి, అది వేరే సంగతి. కానీ 4 దగ్గర మోటారుకు వెళ్లేది 50, 60 వోల్టులే, 12 దగ్గర 160 పైన. వోల్టులనూ ఆంపియర్లనూ గుణిస్తే వచ్చే వాట్లు నెమ్మది నడకలో తక్కువ, పరుగులో దాదాపు మూడింతలు. గోడ ఇవ్వాల్సింది ఆ వాట్లనే. కాబట్టి నెమ్మది నడకలో మోటారూ బోర్డూ కష్టపడతాయి, గోడ హాయిగా ఉంటుంది. వేగం పెరిగినప్పుడే గోడకు చెమట పడుతుంది.

అందుకే ఎవరైనా ఫోన్ చేసి మనిషి ఎక్కితే ఆగిపోతోందంటే నేనడిగే మొదటి ప్రశ్న ఏ వేగం దగ్గర అని. 2, 3 కిలోమీటర్ల దగ్గరే ఆగితే సప్లయిని అనుమానించడం దండగ. 8 దాటాకే ఆగుతుంటే, అదీ సాయంత్రాలే ఆగుతుంటే, అప్పుడు గోడ వైపు చూడాలి.

మా తోడల్లుడి సిద్ధాంతం మాత్రం సప్లయే. "అన్నా, ఎండాకాలం సాయంత్రం అందరూ ఏసీలు వేస్తరు, వోల్టేజ్ పడిపోతది" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు, పడుతుంది. కానీ ఎంత? మల్టీమీటరు సాకెట్టులో పెట్టి చూశాం. ఖాళీగా 226, ఆయన ఎక్కాక 224. ఒకవేళ 200కే పడిపోయిందనుకున్నా కెపాసిటర్లో 280 ఉంటుంది. మోటారుకు గరిష్ఠంగా కావాల్సింది 180. ఈ రకం బోర్డుకు చాలా వెసులుబాటు ఉంది. కెపాసిటర్ లేకుండా ఎస్సీఆర్‌లతో నడిచే పాతకాలం బోర్డుల్లో ఇంత వెసులుబాటు ఉండదు. అక్కడ వోల్టేజీ పడితే పై వేగాలు అందవు.

సప్లయి నిజంగా చేసే నేరం వేరే ఉంటుంది. వదులైన ప్లగ్గు, కాలిన సాకెట్టు, సందులో సందుగా తగిలించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు. మంచి రాగి తీగ 15 మీటర్లున్నా, ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉంటే, 8 ఆంపియర్లకు పోయేది నాలుగైదు వోల్టులే. అదే ఒక వదులు కనెక్షన్లో 3 ఓములు చేరితే 24 వోల్టులు అక్కడే ఆవిరి, ఆ మూల 190 వాట్ల వేడి. ఇస్త్రీపెట్టె అంత కాకపోయినా ప్లాస్టిక్ గోధుమరంగులోకి తిరగడానికి అది చాలు. ప్లగ్గు పీకి పిన్నులు ముట్టుకుంటే తెలిసిపోతుంది.

ఇంకో గుర్తు ఉంది. సప్లయి బాగా కుంగితే యంత్రం కోడ్ చూపించి మర్యాదగా ఆగడం కన్నా, తెర మసకబారి లేదా పూర్తిగా ఆరిపోయి, మళ్లీ మొదటి నుంచి వెలగడమే ఎక్కువ. E05 అని తెర మీద నిలకడగా రాయాలంటే ఆ తెరకు కరెంటు అందుతూ ఉండాలి కదా. నేనున్నంతసేపూ ఈ యంత్రం తెర ఒక్కసారి కూడా మినుక్కుమనలేదు. 82 కిలోల మా తోడల్లుడు ఎక్కితే 3 కిలోమీటర్ల దగ్గరే పదిసెకన్లలోపు ఆగింది. 54 కిలోల మా మరదలు ఎక్కితే రెండు మూడు నిమిషాలు నడిచి ఆగింది. బరువును బట్టి మారుతోంది, నెమ్మదిలోనూ వస్తోంది. సప్లయిని ఆ పూటకు వదిలేశాను.

ఇక మిగిలింది బోర్డు, మోటారు, రాపిడి. బోర్డు మార్చినా రోగం మారలేదు కాబట్టి దాని మీద అనుమానం సన్నగిల్లింది. బోర్డు మార్చకపోయినా నేను దాన్ని చివరికే ఉంచేవాణ్ని, ఎందుకంటే బోర్డులోని పవర్ ట్రాన్సిస్టర్ పోయేటప్పుడు సాధారణంగా నానుతూ పోదు. షార్టయి ఒక్కసారిగా పోతుంది. అప్పుడు ఫ్యూజు ఎగిరిపోతుంది, లేదా బెల్టు చెప్పాపెట్టకుండా పూర్తి వేగం అందుకుంటుంది. ఖాళీగా గంటసేపు చక్కగా నడిచే బోర్డులో ట్రాన్సిస్టర్ బతికే ఉందని అనుకోవచ్చు. షంట్ దగ్గర టంకం పగిలితే బోర్డు లేని కరెంటును ఉన్నట్టు చదివే అవకాశం ఉంది, కానీ అలాంటి లోపం రెండు బోర్డుల్లో ఒకేలా ఉండటం అసంభవం.

కొందరు మోటారు తీసేసి ఆ వైర్లకు బల్బు తగిలించి బోర్డును పరీక్షిస్తారు. మంచిదే, కానీ దాని హద్దు తెలిసి ఉండాలి. 100 వాట్ల బల్బు తాగేది అర ఆంపియరు కూడా కాదు. బోర్డు వోల్టేజీ ఇస్తోందా లేదా అన్నది తెలుస్తుంది, బరువు మోయగలదా అన్నది తెలియదు. పైగా వేగం చెప్పే సెన్సరు కదలట్లేదని కొన్ని యంత్రాలు కొద్ది సెకన్లలో మరో కోడ్ చూపించి ఆగిపోతాయి. అది చూసి కొత్త రోగం వచ్చిందని కంగారుపడొద్దు.

నా దగ్గర పనిరోజుల నాటి క్లాంపు మీటరు ఒకటి ఉంది. డీసీ కూడా చూపిస్తుంది. బజారులో దొరికే చవక క్లాంపులు ఏసీ మాత్రమే చూస్తాయి, మోటారు వైరుకు తగిలిస్తే సున్నాకు అటూ ఇటూ ఏదో చెప్పి మనల్ని ఓదారుస్తాయి. కవరు విప్పి మోటారు వైర్లలో ఒకదానికి క్లాంపు తగిలించి దూరంగా కూర్చున్నాను. ఖాళీగా 4 కిలోమీటర్ల దగ్గర ఒకటిన్నర ఆంపియర్లు. మా తోడల్లుడు ఎక్కాక సగటున ఎనిమిదిన్నర. మధ్యలో ఎక్కడో ఒక్క క్షణం ఎగిరి, E05. మీటరులో శిఖరాన్ని పట్టి ఉంచే బటన్ నొక్కి మళ్లీ చేస్తే 23 పట్టింది.

ఈ రెండు అంకెలనూ విడివిడిగా చూడాలి. ఎనిమిదిన్నర సగటు ఒక సమస్య, 23 శిఖరం మరో సమస్య.

సగటును లెక్కలోకి దించుదాం. 82 కిలోల బరువు పలక మీద నొక్కేది సుమారు 800 న్యూటన్లు. బెల్టు పలక మీద జారడానికి బాగా నూనె ఉన్నప్పుడు అందులో ఐదో వంతు బలం కావాలనుకుందాం, అంటే 160 న్యూటన్లు. ఎండిపోతే అది రెట్టింపై 320 కావచ్చు. ఈ యంత్రం వోల్టులకూ వేగానికీ ఉన్న నిష్పత్తి ప్రకారం మోటారు తీసుకునే ప్రతి ఆంపియరుకూ బెల్టు దగ్గర 46 న్యూటన్ల బలం వస్తుంది. కాబట్టి నూనె ఉంటే మూడున్నర ఆంపియర్లు, లేకపోతే ఏడు. ఖాళీగా తిరగడానికే అయ్యే ఒకటిన్నరను కలిపితే మొదటిది ఐదు, రెండోది ఎనిమిదిన్నర. మీటరు చూపించింది రెండోదాన్ని.

ప్లగ్గు పీకి బెల్టు కింద చెయ్యి పెట్టి చూశాను. పలక ఎండి గరుకుగా ఉంది, వేళ్లకు సన్నటి బూడిదరంగు పొడి అంటింది. ఇందాక చెప్పిన ఉప్పల్ దుమ్మూ, బెల్టు అరిగిన పొడీ కలిసి అక్కడ గరుకు కాగితం పని చేస్తున్నాయి. నూనె ఎప్పుడు వేశారని అడిగాను. "దానికి నూనె కూడా వెయ్యాల్నా?" అన్నాడు. ఐదేళ్ల యంత్రం.

పొడి గుడ్డతో పలక తుడిచి, బెల్టు కింద మధ్యలో సిలికాన్ నూనె పోసి, ఖాళీగా ఐదు నిమిషాలు తిప్పాం. కుట్టుమిషను నూనె, కొబ్బరినూనె వద్దు. పెట్రోలియం నూనెలు బెల్టు వెనుక పొరను పాడుచేస్తాయి, కొబ్బరినూనె దుమ్మును పిలుస్తుంది. తర్వాత మా తోడల్లుడు ఎక్కితే సగటు ఐదు ఆంపియర్లకు దిగింది. ఆయన ముఖం వెలిగింది. నలభై సెకన్ల తర్వాత E05.

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. నూనె వేశాం, బాగుపడలేదు, కాబట్టి నూనె కారణం కాదని కొట్టిపారేస్తారు. కానీ పది సెకన్లు నలభై అయ్యాయి కదా. సగటు పడిపోయింది, శిఖరం మాత్రం ఇంకా 20 దాటుతోంది. రాపిడి వల్ల వచ్చే కరెంటు నిలకడగా పెరుగుతుంది, ఇలా గంతులెయ్యదు. గంతులు మోటారు లోపలి నుంచి వస్తున్నాయి.

ఇప్పుడు మోటారుకు చేసే ఒక పరీక్ష చెప్తాను. దీనికి మీటరు కూడా అక్కర్లేదు. ప్లగ్గు పీకాలి. బోర్డు మీద కెపాసిటర్లో 325 వోల్టులు ఇంకా కూర్చుని ఉంటాయి, కనీసం ఐదు నిమిషాలు ఆగి, మీటరుతో కొలిచి, ఖాళీ అయిందని చూశాకే చెయ్యి పెట్టాలి. నడుస్తున్నప్పుడు ఆ బోర్డులో ఏ చోటూ ముట్టుకోదగ్గది కాదు, నెగెటివ్ అనుకున్న వైరు కూడా మెయిన్స్‌తో కలిసే ఉంటుంది. తర్వాత మోటారు వైర్లు రెండూ బోర్డు నుంచి ఊడదీసి, మోటారు నుంచి రోలరుకు పోయే గాడుల బెల్టు తప్పించి, ఫ్లైవీలును చేత్తో తిప్పాలి. తేలిగ్గా తిరగాలి. అప్పుడు రెండు వైర్ల కొసలనూ ఒకదానికొకటి తాకించి మళ్లీ తిప్పాలి. ఎవరో లోపలి నుంచి పట్టుకున్నట్టు బిగుసుకోవాలి. చేత్తో తిప్పితే మోటారు జనరేటరవుతుంది, వైర్లు కలిస్తే ఆ కరెంటు లోపలే తిరిగి మన చేతికి ఎదురు తిరుగుతుంది.

ఈ బిగువు ఒక చుట్టంతా ఒకేలా ఉంటే బ్రష్షులూ చుట్టలూ బాగున్నట్టు. వైర్లు విడిగా ఉన్నప్పుడు కూడా బిగువుంటే ఆర్మేచర్ లోపల చుట్టలు షార్టయ్యాయి, లేదా బేరింగు పట్టేసింది. వైర్లు కలిపినా కొన్నిచోట్ల బిగువు లేక జారిపోతుంటే బ్రష్షు అక్కడ సరిగా తాకట్లేదు. మా మోటారు ఒక చుట్టులో రెండుచోట్ల జారిపోయింది. ఆ జారుడు మా తోడల్లుడి చేత కూడా తిప్పించి చూపించాను, లేకపోతే నమ్మేలా లేడు.

మోటారు పక్కలనున్న మూతలు విప్పి కార్బన్లు బయటికి లాగాం. ఒకటి 17 మిల్లీమీటర్లుంది. రెండోది 9, అదీ తన గూట్లో ఇరుక్కుని ఉంది. కార్బన్ పొడీ దుమ్మూ గూటి గోడలకు పేరుకుని బ్రష్షును పట్టేశాయి. పొట్టిదైపోయిన కార్బన్ను నెట్టే స్ప్రింగు కూడా అప్పటికే సాగి బలం తగ్గి ఉంటుంది. టార్చి వేసి చూస్తే కమ్యుటేటర్ మీద రాగి బద్దలు రెండుచోట్ల నల్లగా మాడి ఉన్నాయి, మన చేతికి తెలిసిన రెండుచోట్లే.

ఇక్కడ మా తోడల్లుడు ఒక ప్రశ్న వేశాడు, చాలా మంచి ప్రశ్న. "బ్రష్ తగలకపోతే కరెంట్ తగ్గాలి కదన్నా, ఎక్కువైందని ఎర్రర్ ఎందుకిస్తది?"

జవాబు ఆ ఒక్క క్షణంలో ఉంది. బ్రష్షు తాకడం మానేసిన క్షణం కరెంటు నిజంగానే పడిపోతుంది. బలం పోయింది కాబట్టి బెల్టు నెమ్మదిస్తుంది. వేగం పడిందని బోర్డుకు తెలుస్తుంది, వెంటనే వోల్టేజీ పెంచుతుంది, 52 ఉన్నదాన్ని 65 చేస్తుందనుకుందాం. ఇంతలో బ్రష్షు మళ్లీ తాకుతుంది. తిరిగే మోటారు తనలో ఒక ఎదురు వోల్టేజీని పుట్టిస్తూ ఉంటుంది, అది వేగాన్ని బట్టి ఉంటుంది. వేగం పడిపోయింది కాబట్టి ఆ ఎదురు ఇప్పుడు 35కు దిగి ఉంటుంది. ఇచ్చిన 65కూ ఎదురైన 35కూ తేడా 30 వోల్టులు. దాన్ని అడ్డుకునేది ఆర్మేచర్ చుట్టల నిరోధం ఒక్కటే, అది ఒకటిన్నర ఓములు కూడా ఉండదు. 1.2 ఓములనుకుంటే 25 ఆంపియర్లు ఒక్కసారి దూకుతాయి. మీటరు పట్టిన 23 ఇదే.

ఖాళీగా ఉన్నప్పుడు కూడా బ్రష్షు అలాగే తప్పుతోంది. కానీ అప్పుడు బెల్టును ఆపే బలం చాలా తక్కువ, ఫ్లైవీలు తన ఊపుతో మోటారును లాక్కుపోతుంది, బ్రష్షు మళ్లీ తాకేలోపు వేగం పెద్దగా పడదు. మనిషి ఎక్కితే అదే ఫ్లైవీలు నాలుగైదు రెట్లు త్వరగా నీరసిస్తుంది. ఖాళీగా మంచిగా నడిచి, మనిషి ఎక్కితే ఆగడానికి కారణం ఇదే. మెకానిక్ పాపం ఖాళీగా తిప్పి చూశాడు, మోటారు బాగుందన్నాడు. ఆయన చూసినంతవరకూ బాగానే ఉంది.

కార్బన్ల కోసం రాణిగంజ్ వెళ్లాను. మోటార్లు, బేరింగులు, కార్బన్లకు సికింద్రాబాద్‌లో అదే అడ్డా. కోఠి గుజరాతీ గల్లీకి పోయి ఉంటే బోర్డు మీద వేసే కెపాసిటర్లు దొరికేవి గాని కార్బన్లకు ఇక్కడే నయం. ట్రెడ్‌మిల్లుకంటే ఎవరికీ అర్థం కాదు, పాత బ్రష్షు చేతిలో పెట్టాలి. వెడల్పు, మందం, పొడవు వెర్నియర్‌తో కొలిచి, 180 వోల్టుల డీసీ మోటారని చెప్పి తెచ్చాను. డ్రిల్లింగ్ మిషను కార్బన్ ఉంది, అరగదీసి వేసుకోమని ఒకరు సలహా ఇచ్చారు. కార్బన్లన్నీ నల్లగానే ఉంటాయి, కానీ ఒకదాని గట్టిదనమూ నిరోధమూ మరోదానివి కావు. గట్టిది వేస్తే కార్బన్ మిగిలి కమ్యుటేటర్ అరుగుతుంది. కార్బన్ చవక, ఆర్మేచర్ కాదు.

గూళ్లు శుభ్రం చేశాం, కొత్త కార్బన్ తన బరువుకు తానే లోపలికి జారేదాకా. కమ్యుటేటర్ను సన్నటి గాజుకాగితంతో రుద్దాం. ఎమరీ కాగితం వాడకూడదు, దాని పొడి బద్దల మధ్య ఇరుక్కుని కరెంటుకు దారి ఇవ్వగలదు. బద్దల మధ్య సందులు పుల్లతో గీకి, గాలి కొట్టి పొడి వదిలించాం. కొత్త కార్బన్ ముఖం చదునుగా ఉంటుంది, కమ్యుటేటర్ గుండ్రం. రెండూ ఒకదానికొకటి అలవాటు పడేదాకా తాకేది కొంచెమే. అందుకని 3 కిలోమీటర్ల మీద ఖాళీగా అరగంట వదిలేసి టీ తాగాం. మొదట సన్నటి నీలిరంగు మెరుపులు కనిపించాయి, అరగంటకు దాదాపు తగ్గాయి.

వైర్లు కలిపి చేత్తో తిప్పితే ఈసారి చుట్టంతా ఒకే బిగువు. మా తోడల్లుడు ఎక్కాడు. 4 కిలోమీటర్ల దగ్గర సగటు ఐదు ఆంపియర్లు, పాదం పడినప్పుడల్లా పైకి కదిలి తొమ్మిది దాకా వెళ్లి దిగింది. ఇరవై నిమిషాలు నడిచాడు. 8 మీద పరుగు కూడా పెట్టించాం. ఆయన ఆగాడు గాని అది ఆగలేదు.

తర్వాత నేను పాత బోర్డు తిరిగి పెట్టమన్నాను. వద్దన్నాడు, నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకడమని. పాతది నిజంగా పోయిందో లేదో తెలుసుకోవాలని నా పట్టుదల. పెట్టాం. అదే ఐదు ఆంపియర్లు, అదే నడక. పోయిందని పక్కన పడేసిన బోర్డే ఇప్పుడు పని చేస్తోంది. 6,500 రూపాయల బోర్డు అట్టపెట్టెలో, అటక మీద, దీపావళి దీపాల తీగల పక్కన ఉంది.

వచ్చేముందు ప్లగ్గు కూడా 16 ఆంపియర్ల సాకెట్టుకు మార్పించాను. ఈ కేసులో దాని తప్పేమీ లేదు, కానీ పాత సాకెట్టులో ఒక రంధ్రం చుట్టూ లేత గోధుమరంగు వలయం కనిపించింది. మోటారు కవరు లోపలివైపు మార్కరుతో ఆ రోజు తేదీ, కొత్త కార్బన్ల పొడవు రాశాను. నూనె ఎప్పుడు వేశామో కూడా రాయమని మరదలు చెప్పింది. అది ఆవిడే రాసింది, బయటివైపు, ఎక్కినవాళ్లకు కనబడేలా.